ఎకరా పత్తి లెక్క: కాగితం మీది నికర లాభాన్ని సరిచూసే విధానం

ఎకరా పత్తి మీద ఖర్చులన్నీ పోను 64 వేల రూపాయలు మిగిలాయని రాసిన కాగితాన్ని చూసి ఒకరు పొలం కౌలుకు తీసుకుంటారు, మరొకరు అప్పు మంజూరు చేస్తారు, రైతు సంఘంలో లెక్కలు రాసేవారు దాన్నే వచ్చే ఏటి అంచనాకు ఆధారం చేసుకుంటారు. ఆ అంకె తప్పయితే నష్టపోయేది వీళ్లే కనుక, దాన్ని నమ్మే ముందు వరుసగా ఏమేమి చూడాలో ఒక ఉదాహరణ పట్టుకొని ఇక్కడ వివరిస్తున్నాను. వరంగల్, హనుమకొండ, జమ్మికుంట చుట్టుపక్కల వర్షాధారంగా సాగయ్యే పత్తినే ఉదాహరణగా తీసుకున్నాను. ఇందులోని విత్తన ధర, మద్దతు ధర 2024-25 సీజన్‌లో ఉన్నవే. కూలి, కౌలు, మిత్తి రేట్లు మాత్రం ఊరిని బట్టి మారతాయి కాబట్టి వాటి స్థానంలో మీ ఊరి రేట్లు వేసుకోవాలి.

మన చేతికి వచ్చిన పత్రం ఇలా ఉందనుకుందాం.

దిగుబడి ఎకరాకు 12 క్వింటాళ్లు
ధర క్వింటాలుకు రూ.7,521
ఆదాయం రూ.90,252
విత్తనాలు రూ.1,728
ఎరువులు రూ.5,500
పురుగుమందులు రూ.4,000
దుక్కి, గుంటక రూ.5,000
కూలీలు రూ.9,000
ఇతర ఖర్చులు రూ.1,000
మొత్తం ఖర్చు రూ.26,228
నికర లాభం రూ.64,024

కూడికలు, తీసివేతలు సరిపోయాయి. చాలామంది తనిఖీ ఇక్కడితోనే ఆపేస్తారు. కానీ కూడిక సరిగ్గా ఉందంటే రాసిన మనిషికి లెక్క వచ్చని మాత్రమే అర్థం. కూడిన అంకెలు నిజమని కాదు. పత్రంలోని ప్రతి వరుసకు మరో వరుస సాక్ష్యం చెప్పాలి. దిగుబడికి ఏరుడు కూలి, విస్తీర్ణానికి విత్తన ప్యాకెట్లు, ధరకు పత్తి అమ్మినప్పుడు ఇచ్చే చీటీలైన తక్‌పట్టీలు సాక్ష్యాలు. ఆ సాక్ష్యాలు ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగవో అక్కడే తప్పు ఉంటుంది.

ముందుగా ఎకరాలు

ఎకరా లెక్కలో ప్రతి అంకెనూ విస్తీర్ణంతో భాగిస్తాం కనుక, విస్తీర్ణం ఒక్కటి తప్పితే అన్నీ తప్పుతాయి. పత్రం రాసినవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఎకరాకు ఎంత పండిందని కాదు. మొత్తం ఎంత అమ్మారు, ఎంత నేలలో వేశారు అని. మన ఉదాహరణలో మొత్తం 38.4 క్వింటాళ్లు అమ్మారు, పట్టాదారు పాస్‌పుస్తకంలో విస్తీర్ణం 3.20 అని ఉంది. 38.4ను 3.20తో భాగిస్తే సరిగ్గా 12 వస్తుంది.

అసలు తప్పు ఇక్కడే ఉంది. పాస్‌పుస్తకంలో చుక్క తరువాత ఉండేవి గుంటలు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి 3.20 అంటే 3 ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. క్యాలిక్యులేటర్‌కు గుంటల సంగతి తెలియదు, దానికి 3.20 అంటే 3 ఎకరాల 8 గుంటలే. నేలను మూడున్నర ఎకరాలుగా తీసుకొని 38.4ను భాగిస్తే 10.97 క్వింటాళ్లు మాత్రమే వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఎకరాకు క్వింటాలు పైగా పెరిగిపోయింది. కంప్యూటర్‌లో పట్టిక తయారుచేసిన పత్రాల్లో ఈ పొరపాటును తప్పనిసరిగా వెతకాలి, ఎందుకంటే గుంటలను 40తో భాగించి ఎకరాల్లోకి మార్చే పని అక్కడ ఎవరో ఒకరు చేతితో చేసి ఉండాలి, చాలాసార్లు ఎవరూ చేసి ఉండరు.

దీన్ని విత్తనాల బిల్లుతో ధ్రువపరచుకోవచ్చు. బీటీ పత్తి ప్యాకెట్ 475 గ్రాములు, 2024లో దాని గరిష్ఠ ధర రూ.864. మన దగ్గర వర్షాధారపు చేన్లలో ఎకరాకు సాధారణంగా రెండు ప్యాకెట్లు వేస్తారు. బిల్లులో 7 ప్యాకెట్లు ఉంటే విత్తింది సుమారు మూడున్నర ఎకరాలని అర్థం. అయితే తొలకరికి పెట్టిన గింజలు వాన ఆగి మొలవకపోతే మళ్లీ విత్తుతారు, సాళ్లు దగ్గరగా వేసినా ప్యాకెట్లు ఎక్కువ పడతాయి. అందుకే బిల్లుల మీది తేదీలు చూడాలి. మొదటి బిల్లుకూ రెండో బిల్లుకూ రెండు మూడు వారాల తేడా ఉంటే అది మళ్లీ విత్తడానికి కొన్న విత్తనం కావచ్చు. అప్పుడు దాన్ని ఖర్చులో కలపాలి గానీ విస్తీర్ణంలో కలపకూడదు.

పాస్‌పుస్తకంలోని నేలంతా పత్తి కాకపోవచ్చనీ గుర్తుంచుకోవాలి. బాయి గడ్డ, గట్లు, బండి బాట, మూలన వేసిన కొద్దిపాటి వరి అన్నీ ఆ విస్తీర్ణంలోనే ఉంటాయి. వ్యవసాయ విస్తరణ అధికారి నమోదు చేసిన పంట వివరాల్లో సర్వే నంబరు వారీగా పత్తి ఎంతని ఉందో అడిగి పోల్చుకోవడం మంచిది. పక్కవారి నేల కొంత కౌలుకు పట్టి అందులోనూ పత్తి వేసి, ఆ దిగుబడిని సొంత నేలతో మాత్రమే భాగించిన పత్రాలూ ఉంటాయి.

దిగుబడిని చేనులో చూడడం

తక్‌పట్టీలు లేనప్పుడు, ఉన్నా అనుమానం తీరనప్పుడు చేనుకే వెళ్లాలి. పత్తి ఏరడం అయిపోయిన తరువాత కూడా కట్టె పీకేదాకా విచ్చిన కాయల డొప్పలు మొక్కనే అంటిపెట్టుకొని ఉంటాయి. దూది పోయినా ఎన్ని కాయలు పగిలాయో ఆ డొప్పలు చెబుతాయి. ఎండిన మొక్కను పట్టుకొని కింది కొమ్మ నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ పోవాలి. నాలుగైదు రెమ్మలుగా పూర్తిగా విచ్చుకున్న డొప్పనే లెక్కలోకి తీసుకోవాలి. నల్లబడి మూసుకొనే ఉన్న కాయలు పురుగు వల్లనో కుళ్లు వల్లనో పోయినవి, వాటి నుంచి పత్తి రాలేదు.

సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు ఉంటే ఎకరాలో మొత్తం సాలు పొడవు సుమారు 4,497 మీటర్లు అవుతుంది. చేనులో అయిదు చోట్ల, గట్టుకు దూరంగా, 10 మీటర్ల సాలు కొలిచి మొక్కలు లెక్కించాలి. మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు ఉంటే 10 మీటర్లకు 16 లేదా 17 రావాలి, కానీ గింజ మొలవని సందులు ఉంటాయి కనుక అంతకన్నా తక్కువే ఉంటాయి. మన చేనులో సగటున 14 వచ్చాయనుకుంటే ఎకరాకు సుమారు 6,296 మొక్కలు. ఒక్కో మొక్కకు సగటున 42 డొప్పలు, కాయకు 4 గ్రాముల పత్తి అనుకుంటే మొక్కకు 168 గ్రాములు, ఎకరాకు దాదాపు 10.6 క్వింటాళ్లు.

ఇది అంచనా మాత్రమే. రకాన్ని బట్టి కాయ బరువు మూడున్నర గ్రాముల నుంచి 5 గ్రాముల దాకా మారుతుంది, చివరి ఏరుడులో వచ్చే కాయలు మరీ చిన్నవిగా ఉంటాయి. ఈ పద్ధతితో 10.6కూ 10.97కూ మధ్య తేడా తేల్చలేం. కానీ ఎవరైనా వర్షాధారపు చేనులో 20 క్వింటాళ్లు తీశామని రాస్తే, ఇన్నే మొక్కలున్న చేనులో మొక్కకు దాదాపు 80 కాయలు పగలాలి. ఆ డొప్పలు కట్టె మీద ఉన్నాయో లేదో ఒక్క పూటలో తేలిపోతుంది.

ధర: మద్దతు ధర వేరు, చేతికొచ్చిన ధర వేరు

పత్రంలో రూ.7,521 అని ఉంది. అది 2024-25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర. సంవత్సరమంతా అమ్మిన పత్తికి అంతటికీ సరిగ్గా మద్దతు ధరే పలికిందని రాసి ఉంటే, రాసినవారు తక్‌పట్టీలు చూడకుండా ప్రకటించిన ధరను దించుకున్నారని అనుమానించాలి.

మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ. దాని కొనుగోలులో పూర్తి ధర 8 శాతం తేమ వరకే వర్తిస్తుంది. ఆపై పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది. 12 శాతం దాటితే సరుకు కొనరు. అక్టోబరు, నవంబరు నెలల్లో మంచు మీద ఏరిన పత్తిని ఆరబెట్టకుండా తెస్తే తేమ ఈ హద్దు దాటుతుంది. అప్పుడు రైతు బండిని వెనక్కి తిప్పడమో ప్రైవేటు వ్యాపారికి తక్కువకు ఇవ్వడమో చేస్తాడు. దసరా, దీపావళి ఖర్చులకో, కూలీల బాకీకో మొదటి ఏరుడు పత్తిని ఊళ్లోనే అమ్ముకోవడం కూడా మామూలే.

కాబట్టి తక్‌పట్టీలన్నీ తేదీల వరుసలో పెట్టుకోవాలి. ఒక్కొక్క దానిపై నికర బరువు, తేమ, ధర, కోతలు, చేతికి వచ్చిన మొత్తం చూడాలి. సీసీఐకి అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది కనుక ఆ మొత్తాలను బ్యాంకు పాస్‌పుస్తకంతో సరిచూడవచ్చు. ఊళ్లో కాంటా పెట్టి కొన్న వ్యాపారి ఇచ్చిన చీటీలో తరుగు పేరుతో క్వింటాలుకు కొన్ని కిలోలు తీసేసి ఉంటారు. ఆ తరుగుకు ముందున్న బరువును దిగుబడిగా రాసి, దాన్ని చీటీలోని ధరతో గుణిస్తే రైతుకు రాని డబ్బు కూడా ఆదాయంలో చేరుతుంది. ఇంటి దగ్గర జోకిన బరువును నమ్మినా ఇదే ఇబ్బంది, పైగా నిల్వలో తేమ ఆరిపోయి అమ్మేనాటికి బరువు తగ్గుతుంది.

మన ఉదాహరణలో చీటీలు చెప్పింది ఇది. మొదటి ఏరుడు 14.4 క్వింటాళ్లు ఊళ్లో రూ.6,500 చొప్పున పోయాయి, వాటికి వచ్చింది రూ.93,600. మిగతా 24 క్వింటాళ్లు 10 శాతం తేమతో సీసీఐకి వెళ్లాయి. రెండు శాతం కోత పోగా క్వింటాలు ధర రూ.7,370.58, మొత్తం రూ.1,76,894. రెండూ కలిపి రూ.2,70,494. సగటు ధర క్వింటాలుకు సుమారు రూ.7,044. మూడున్నర ఎకరాలతో భాగిస్తే ఎకరా ఆదాయం రూ.77,284. పత్రంలోని ఆదాయానికీ దీనికీ తేడా దాదాపు 13 వేలు, ఇంకా ఖర్చుల జోలికి మనం పోనేలేదు.

సగటు తీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 6,500నూ 7,370.58నూ కూడి రెండుతో భాగించకూడదు. ఏ ధరకు ఎన్ని క్వింటాళ్లు పోయాయో గుణించి, వచ్చిన మొత్తాన్ని బరువుతో భాగించాలి. పెట్టుబడి సాయం కింద ప్రభుత్వం ఇచ్చిన సొమ్మునూ, పత్తి సాళ్ల మధ్య వేసిన కంది మీద వచ్చిన డబ్బునూ పత్తి ఆదాయంలో కలిపారేమో కూడా ఇక్కడే చూడాలి.

కూలి: పత్రం ఎక్కువగా తప్పేది ఇక్కడే

పత్తిలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఏరుడు కూలి. అది కిలో లెక్కన ఇస్తారు కనుక దిగుబడితో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఊళ్లో రేటు కిలోకు 12 రూపాయలనుకుంటే 3,840 కిలోలకు రూ.46,080, ఎకరాకు రూ.13,166. పత్రంలో కూలీలందరికీ కలిపి రాసింది 9 వేలు. అంటే దిగుబడి 12 క్వింటాళ్లన్నది నిజమైతే కూలి 9 వేలు కావడం అసాధ్యం; కూలి నిజమైతే దిగుబడి అంత ఉండదు. రెండు వరుసలూ ఒకే కాగితంలో ఉండి ఒకదాన్నొకటి కాదంటున్నాయి.

అయితే ఆ 9 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి? రైతు నోటు పుస్తకం అడిగి చూస్తే అర్థమవుతుంది. బయటి కూలీలు ఏరింది 2,400 కిలోలు, వారికి ఇచ్చింది రూ.28,800. దాన్ని 3.20తో భాగిస్తే 9 వేలు. మిగిలిన 1,440 కిలోలు ఇంట్లోవాళ్లు, బదులు కూలికి వచ్చినవాళ్లు ఏరారు. డబ్బు చేతులు మారలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. కలుపు తీత, గింజ పెట్టడం, మందు కొట్టడం అసలు కనబడనే లేదు.

అందుకే కూలిని రూపాయల్లో అడగకుండా పనుల్లో అడగాలి. గింజ ఎందరు పెట్టారు, సందులు ఎవరు నింపారు, కలుపు ఎన్నిసార్లు తీశారు, ఒక్కోసారి ఎందరు వచ్చారు, ఎరువు మొదళ్లలో ఎవరు వేశారు, మందు ఎన్నిసార్లు కొట్టారు అని వరుసగా అడిగితే ఆ ఇంటి ఆడవాళ్లు తేదీలతో సహా చెబుతారు. ఈ ప్రశ్నలు వాళ్లనే అడగాలి, ఎందుకంటే పత్తిలో ఎక్కువ పని చేసేది వాళ్లే, నోటు పుస్తకంలో తక్కువగా కనిపించేదీ వాళ్ల పనే. మన ఉదాహరణలో ఏరుడు కాక ఎకరాకు ఆడవాళ్ల పనిదినాలు 22, మగవాళ్లవి 4 తేలాయి. ఊరి రేట్లు 400, 600 వేస్తే రూ.11,200. అందులో సగం, అంటే రూ.5,600, బయటి కూలీలకు నగదుగా ఇచ్చారు. మిగతా సగం ఇంటివాళ్ల శ్రమ.

మొత్తం కూలి ఎకరాకు రూ.24,366. ఇందులో నగదు రూ.13,829, ఇంటివాళ్ల శ్రమ విలువ రూ.10,537.

మిగతా ఖర్చులు

వీటికి అంత శ్రమ అక్కరలేదు. ఎరువులు, మందులు, ట్రాక్టర్, ఇతర ఖర్చుల అసలు మొత్తాలను బిల్లుల నుంచి తీసుకొని మూడున్నరతో భాగిస్తే చాలు. పత్రంలోవి 3.2తో భాగించినవి కనుక నిజానికి కాస్త తగ్గుతాయి: ఎరువులు రూ.5,029, మందులు రూ.3,657, దుక్కి రూ.4,571, ఇతరాలు రూ.914. విత్తనాల ఖర్చు 1,728 అలాగే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ప్యాకెట్ల లెక్కన రాశారు. అయిదూ కలిపి రూ.15,899. 45 కిలోల యూరియా బస్తా ధర రూ.266.50 అని నిర్ణయమై ఉంది కనుక బిల్లులో అంతకు మించి ఉంటే కారణం అడగాలి, కానీ రైతు నిజంగా ఎంత ఇచ్చాడో అదే ఖర్చులో రాయాలి. పత్తిని మిల్లుకు చేర్చిన బండి కిరాయి, హమాలీ ఇతర ఖర్చుల్లో ఉన్నాయో లేవో విడిగా అడగాలి.

మిత్తిని చాలామంది వదిలేస్తారు. మందుల దుకాణంలో ఉద్దెర పెట్టి పంట అమ్మాక తీర్చేవారికి అది తప్పని ఖర్చు. ఎకరాకు 15 వేలు నూటికి రెండు రూపాయల చొప్పున 6 నెలలు వాడుకుంటే రూ.1,800 అవుతుంది.

లాభాన్ని మూడు అంచెల్లో రాయడం

ఇప్పుడు ఎకరా ఆదాయం రూ.77,284 నుంచి నగదు ఖర్చులు తీసేద్దాం. సరుకుల ఖర్చు 15,899, నగదు కూలి 13,829, మిత్తి 1,800 కలిపి రూ.31,528. మిగిలేది రూ.45,756. ఇది ఆ ఇంట్లోకి నిజంగా వచ్చిన డబ్బు. ఇందులోంచి ఇంటివాళ్ల శ్రమ విలువ 10,537 తీస్తే రూ.35,219. ఆ నేలను కౌలుకు ఇచ్చి ఉంటే ఎకరాకు 12 వేలు వచ్చేవనుకుంటే, అదీ తీసేస్తే రూ.23,219.

వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఏ2, ఏ2+ఎఫ్ఎల్, సీ2 అని చెప్పే ఖర్చులు దాదాపు ఈ మూడు అంచెలకు దగ్గరగానే ఉంటాయి, అయితే సీ2లో సొంత ఆస్తుల మీది వడ్డీ కూడా చేరుతుంది. మద్దతు ధర ఏ2+ఎఫ్ఎల్ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది కేంద్రం పాటించే సూత్రం. అందువల్ల నికర లాభం అన్న మాట ఒక్కటే రాసి, ఏ అంచె వరకు తీసివేశారో చెప్పని పత్రాన్ని తిప్పి పంపాలి. పక్క పక్కనే ఉన్న ఇద్దరు రైతుల్లో ఒకరు మొదటి అంచె, మరొకరు మూడో అంచె రాస్తే, వాళ్ల లాభాల మధ్య కనబడే తేడా సాగుది కాదు, రాతది.

సరిచూసిన పత్రంలో మూడు అంకెలూ వేసి, ప్రతి వరుస పక్కన దాని ఆధారం రాయాలి. తక్‌పట్టీ, బిల్లు, బ్యాంకు ఖాతా చూసి రాసినవి ఒక గుర్తుతో, ఇంటివాళ్లు చెప్పగా రాసినవి మరో గుర్తుతో, మనం వేసుకున్న రేట్లు ఇంకో గుర్తుతో ఉంటే, తరువాత చూసేవారికి ఏది మార్చుకోవాలో తెలుస్తుంది. సీజన్ పేరు తప్పకుండా ఉండాలి. ఒక్క ఏడాది వానను బట్టి వచ్చిన దిగుబడిని ఆ నేల స్థిరమైన దిగుబడిగా ఎవరూ తీసుకోకూడదు.

కౌలుకు తీసుకోబోయేవారికి ఇంకొక లెక్క కావాలి: దిగుబడి ఎంత వరకు పడిపోయినా నష్టం రాదు? మొత్తం ఖర్చు 54,065ను సగటు ధర 7,044తో భాగిస్తే 7.7 క్వింటాళ్లు వస్తుంది, కానీ అది సరైన జవాబు కాదు. దిగుబడి తగ్గితే ఏరుడు కూలి కూడా తగ్గుతుంది. క్వింటాలుకు 1,200 ఏరుడు కూలి పోతే చేతికి మిగిలేది 5,844. ఏరుడు కాక మిగతా ఖర్చు 40,899. దాన్ని 5,844తో భాగిస్తే 7 క్వింటాళ్లు. ఇంటివాళ్ల కూలి, 12 వేల కౌలు రెండూ గిట్టాలంటే ఈ చేనులో కనీసం 7 క్వింటాళ్లు పండాలి. గత రెండు మూడేళ్ల తక్‌పట్టీలు అడిగి, ఏ ఏడాదైనా అంతకన్నా తక్కువ పండిందేమో చూసుకున్నాకే కౌలు రేటు మాట్లాడుకోవాలి.